సెప్టెంబరు పాసు

మా రోజుల్లో పరీక్ష తప్పడమంటే ఊరందరికీ తెలిసేలా తప్పడమే. మార్చిలో డింకీ కొడితే సెప్టెంబరులో రాయాలి, పాసైన నెలా సంవత్సరమూ మెమో మీద అచ్చవుతాయి. పెళ్ళిచూపులకొచ్చిన పెద్దాయన కూడా ఆ కాగితం అటూ ఇటూ తిప్పి "సెప్టెంబరా?" అనేవాడు. ఆ ఒక్క మాటకి కట్నంలో కొంత ఎగిరిపోయేది.

నేను ఉద్యోగం చేసింది ఒక విశ్వవిద్యాలయం పరీక్షల విభాగంలో. టాబ్యులేషన్ రిజిస్టరని దుప్పటంత పుస్తకం ఉండేది. ఒకరు మార్కులు చదివితే ఒకరు వేసేవారు, మూడోవారు కూడేవారు. మళ్ళీ రాసి తెచ్చుకున్న మార్కులు పాత మార్కుల పక్కనే చేరేవి. పాతవి కొట్టేసే అధికారం మాలో ఎవరికీ లేదు. పాసైన పేపరు పట్టుకుని "మార్కులు చాల్లేదండీ, మళ్ళీ రాస్తాను" అంటూ వచ్చినవాణ్ణి మా సూపరింటెండెంటుగారు కూర్చోమని కూడా అనేవారు కాదు.

ఇప్పుడో! జేఈఈ మెయిన్ రెండుసార్లు రాసి, ఏది ఎక్కువొస్తే దాన్ని లెక్కలో పెట్టుకోవచ్చు. పోనీ, అది ఎంట్రన్సు. మన జేఎన్‌టీయూ ఇంజినీరింగులో ఇంకా కొంత నయం. పాసైన సబ్జెక్టు జోలికి మళ్ళీ పోనివ్వరు. తప్పినవాడు సప్లిమెంటరీ రాసినా ఇంటర్నల్ మార్కులు పాతవే ఉంటాయి, మారేది చివరి పరీక్ష మార్కులే. అందుకని 'మొదటిదా, రెండోదా, ఏది గొప్పది' అన్న పేచీ అక్కడ పెద్దగా రాదు.

పేచీ అంతా మా పెద్దమనవరాలి దగ్గర వచ్చింది. అది కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం క్యాంపసుల్లో ఒకదాంట్లో చదువుతోంది, తరవాత డాక్టరు కావాలట. నాలుగు యూనిట్ల కెమిస్ట్రీలో డి వచ్చింది. మళ్ళీ చదివి బి తెచ్చుకుంది. "తాతయ్యా, నా జీపీఏ మూడు పాయింట్ మూడు దాటింది" అని ఫోనులో ఒకటే సంబరం. రిజిస్టర్లు కూడి కూడి అరిగిపోయిన బుర్ర నాది. ఎలా దాటిందో చెప్పమన్నాను.

వాళ్ళ లెక్క తేలికే. ఎ అంటే 4, బి అంటే 3, సి 2, డి 1, ఎఫ్ సున్నా. గ్రేడు పాయింటుని యూనిట్లతో హెచ్చించి, అన్నీ కూడి, మొత్తం యూనిట్లతో భాగిస్తే జీపీఏ. ఈ పిల్ల అప్పటికి చదివినవి 60 యూనిట్లు, పాయింట్లు 192. అంటే 3.20. ఆ 192లో డి తాలూకు 4 పాయింట్లూ ఉన్నాయి. బి వచ్చాక 4 తీసేసి 12 వేశారు. 200ని 60తో భాగిస్తే 3.33. ముందు తెచ్చుకున్న డి లెక్కలోంచి మాయమైపోయింది.

అక్కడి నియమం ప్రకారం డి గాని ఎఫ్ గాని వచ్చిన కోర్సే మళ్ళీ తీసుకోవాలి, ఆఖరిసారి వచ్చిన గ్రేడే చెల్లుతుంది. ఆఖరిదంటే మంచిదని కాదు, అమ్మాయి ఆ తేడా పట్టించుకోలేదు. రెండోసారి ఎఫ్ వచ్చి ఉంటే 192లోంచి 4 పోయి సున్నా చేరేది, జీపీఏ 3.13కి జారేది. ఏది మంచిదైతే అది తీసుకునే కాలేజీలో అదే ఎఫ్ వచ్చినా 3.20 కదలదు. మొదటిసారికన్నా బాగా రాస్తే ఈ రెండు పద్ధతులకీ తేడా లేదు, దిగజారినప్పుడే తెలుస్తుంది. ఆ మాఫీకి హద్దు కూడా ఉంది. మళ్ళీ చదివినవాటిలో మొదటి 16 యూనిట్లకే ఆ సౌకర్యం. ఆపైన పాతదీ కొత్తదీ రెండూ లెక్కకొస్తాయి.

రెండిటికీ సగటు కడతారు అనే మాట దగ్గరే జనం బోల్తా పడతారు. ఒక చోట సగటంటే డికీ బికీ మధ్య సి కింద కట్టి, ఆ నాలుగు యూనిట్లనీ ఒక్కసారే లెక్కపెట్టడం. అలాగైతే 196ని 60తో భాగించాలి, 3.27. ఇంకో చోట రెండుసార్లు చదివినదాన్ని రెండు కోర్సులుగానే చూస్తారు. యూనిట్లు 64 అవుతాయి, పాయింట్లు 204. భాగించి చూడండి, 3.19! కష్టపడి మళ్ళీ చదివి, డిని బి చేసుకున్న పిల్ల జీపీఏ ఉన్న 3.20 కన్నా తగ్గింది. ఎందుకంటే ఆ లెక్కలో డి పోలేదు, బి కొత్తగా వచ్చి చేరింది. ఉన్న సగటు 3.20 అయినప్పుడు 3 వచ్చి చేరితే అది కిందికే లాగుతుంది.

ఇది నేను కూర్చుని అల్లిన లెక్క కాదు. అమెరికాలో ఎం.డి. కాలేజీల్లో చాలామటుకు దరఖాస్తులు తీసుకునే ఆమ్‌కాస్ అనే వ్యవస్థ ఇలాగే కడుతుంది, ఎన్నిసార్లు చదివితే అన్నీ వేస్తుంది. కాలేజీ ట్రాన్స్‌క్రిప్టు మీద 3.33 ఉన్నా వాళ్ళ కాగితం మీద 3.19 ఉంటుంది. డి.ఓ. కాలేజీల వాళ్ళ ఆకోమాస్ ఆఖరి గ్రేడునే లెక్కపెట్టేది. 2017 మేలో వాళ్ళూ ఆ పద్ధతి మానేసి అన్నీ కూడడం మొదలుపెట్టారు. ఆ కబురు విని నాకు కొంచెం ఆనందమేసిన మాట నిజం.

మా రిజిస్టర్లో ఒక మనిషికి ఒకటే టోటలు. వీళ్ళకి ఎవరు అడిగితే వాళ్ళకో టోటలు! ఇదేం లెక్కే అని విసుక్కుంటే, "తాతయ్యా, డి ఎక్కడికీ పోలేదు, ట్రాన్స్‌క్రిప్టులో అలాగే కనిపిస్తుంది. జీపీఏలోంచే తీశారు" అంది. కనిపించేదాన్ని లెక్కపెట్టకపోవడానికి సిగ్గెందుకు లేదో నాకు బోధపడదు. కానీ దాని మాటలోనూ ఒక న్యాయం ఉంది. ఇప్పుడు కెమిస్ట్రీ వచ్చిన పిల్ల చేత, రానప్పటి మార్కు జన్మంతా మోయించాలా అంటుంది. సెప్టెంబరు అని అచ్చేసి సంబంధాలు చెడగొట్టిన పాపం మాకూ ఉంది కాబట్టి గట్టిగా వాదించలేకపోయాను.

ఒకటి మాత్రం గట్టిగానే చెప్పాను. మళ్ళీ చదివేదేదో మొదట్లోనే చదవాలి. డి బి అయితే పెరిగేది 8 పాయింట్లే. 15 యూనిట్లు చదివినప్పుడు దాంతో జీపీఏ అరపాయింటుకు పైగా లేస్తుంది. ఇప్పుడు 60 దగ్గర 0.13 లేచింది. 120 దగ్గర 0.07కి మించదు. నాలుగో ఏడు ఆఖర్న గాభరాపడి చేసే రిపేర్లకి అందుకే ఫలితం కనపడదు.

మొన్న మళ్ళీ ఫోను చేసింది. ఫిజిక్సులో సి వచ్చింది, అదీ మళ్ళీ తీసుకోనా అని. సి వచ్చినదాన్ని మీ దగ్గర మళ్ళీ తీసుకోనివ్వరు కదే అమ్మలూ అన్నాను. తీసుకోనిచ్చినా ఆమ్‌కాస్ లెక్కలో దానికంటూ ప్రత్యేక లాభం లేదు. అన్నీ కూడే పద్ధతిలో, మళ్ళీ చదివిన ఫిజిక్సులో వచ్చిన ఎకీ, కొత్తగా తీసుకున్న జెనెటిక్సులో వచ్చిన ఎకీ విలువ ఒకటే. 204కి 16 కలిసి 220, 64కి 4 కలిసి 68, ఏది చదివినా 3.24. అలాంటప్పుడు తెలిసిన పాఠం రెండోసారి వినడమెందుకు, పైమెట్టు కోర్సు తీసుకోమన్నాను.