ఇంటికి మూడు తాళాలు, ఫ్రిజ్‌కు బార్లా తలుపు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పట్నాల్లో ఏ వీధికి పోయినా ‘అమెరికా పోయే సారు’ ఒకాయన తగులుతాడు. రిటైరై ఉంటాడు, బిడ్డ టెక్సాస్‌లో ఉంటుంది. వీసా మీద ఆరునెలలుండి రావడానికి ఎండాకాలంలో బయల్దేరతాడు. మా వనపర్తి వీధిలోని సారు ఈ జాతిలో మేలురకం. రాజావారి ప్యాలెస్‌లో నడిచే పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసినవాడు కాబట్టి ఆయన ఏ పనీ ఊరికే చేయడు, కారణం చెప్పి చేస్తాడు. పాస్‌పోర్టు ఎక్కడుందో ఆయన భార్యకు, మేం అక్క అని పిలిచే ఆమెకు, తెలుసు. ఫ్రిజ్ వెనకాల ఏముందో సారుకు తెలుసు.

ప్రయాణం పదిరోజులుందనగా ఆ ఇంట్లో కొత్త సరుకు కొనడం బందవుతుంది. ఉన్నది తిని ఖాళీ చేయాలన్నది సారు హుకుం. అప్పటినుంచి అక్క వండేవాటికి పేర్లుండవు. మిగిలిన సగం సొరకాయ, రెండు చెంచాల అల్లం వెల్లుల్లి ముద్ద, ఎప్పటిదో పల్లిపొడి కలిసి ఒక కూరవుతాయి. తినలేనివి మాకు బహుమతులుగా వస్తాయి. ఒకనాడు అరచెక్క నిమ్మకాయ ఇచ్చి, “ఉంచుకో, కొనాలంటె పైసలైతయి” అన్నాడు. మామిడికాయ తొక్కు జాడీ మాత్రం బయటే ఉంటుంది. నూనె పైన తేలుతున్నంత కాలం దానికి ఫ్రిజ్ అవసరమే లేదు.

బయల్దేరడానికి రెండురోజుల ముందు పొద్దున్నే స్టెబిలైజర్ ఆఫ్ చేసి, ప్లగ్గు పీకి, తీగను చుట్టి పైకి కడతాడు, ఎలుకలకు అందకుండా. “రేపు రాత్రి చేస్తె సరిపోదా?” అని అక్క ప్రతిసారీ అడుగుతుంది. సరిపోదు. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో ఫ్రీజర్ చుట్టూ పేరుకున్న మంచు కరగడానికే పూట పడుతుంది, ఆ తర్వాత లోపలంతా ఆరడానికి ఇంకో రోజు కావాలి. తొందరపడి ఎవరైనా కూరగాయల కత్తితో మంచు గీకబోతే సారు చేయి పట్టుకుంటాడు. ఆ పలుచని అల్యూమినియం రేకు లోపలే గ్యాసు పారే దారులున్నాయి. ఒక్క పోటు పడిందా, గ్యాసు పోతుంది, ఫ్రిజ్ పోతుంది. మంచును దాని మానాన కరగనిచ్చి, కింద పాత తువ్వాళ్లు పరవడమే పద్ధతి.

తర్వాత కడుగుడు. లీటరు గోరువెచ్చని నీళ్లకు రెండు చెంచాల వంటసోడా. ఫినాయిలు, వాసన సబ్బు దగ్గరికి రానియ్యడు. లోపలి ప్లాస్టిక్‌కు వాసన పడితే మళ్లీ పాలగిన్నెకు ఎక్కుతుందని ఆయన భయం, నిజమే కూడా. అద్దం అరలను బయటికి తీసి, చల్లదనం పోయాకే కడగాలి. చల్లటి అద్దం మీద వేడినీళ్లు పోస్తే పగులుతుంది. కూరగాయల డబ్బాను ఎండలో పెట్టబోతే కేకేస్తాడు. మన పాలమూరు ఎండకు అది వంకరపోయి మళ్లీ తన గాడిలో కూర్చోదు.

అసలు పరీక్ష తలుపు అంచున ఉండే రబ్బరు దగ్గర. సారు దాని మడతలోకి తెల్లగుడ్డ చుట్టిన వేలు దూర్చి, చుట్టూ తిప్పి, గుడ్డను వెలుతురుకు పెట్టి చూస్తాడు. నల్లచుక్క కనబడితే మళ్లీ మొదలు. బూజు పుట్టేది అక్కడే, వాసన పుట్టేదీ అక్కడే. చల్లదనం బూజును చంపదు, నిదానం చేస్తుందంతే. కరెంటు తీసేశాక దానికి కావలసినవి మూడే: తడి, ఇంత తిండి, మూసిన తలుపు.

మూసిన తలుపు అనగానే సారు గొంతు పెరుగుతుంది. గద్వాలలో ఆయన బావ ఉన్నాడు, మహా శుభ్రం మనిషి. కొడుకు దగ్గరికి పోతూ ఫ్రిజ్‌ను అద్దంలా కడిగాడు, ఆఫ్ చేశాడు, పద్ధతిగా తలుపు వేసిపోయాడు. వానాకాలం దాటి వచ్చి తెరిస్తే లోపల గోడలన్నీ పచ్చటి నూగు. “కడిగిన తడి లోపల్నే ఉన్నది బిడ్డా! పోయేతందుకు తొవ్వ యాడుంది?”

నాగర్‌కర్నూల్ తోడల్లుడిది ఇంకో దారి. ఆయన ఆఫే చేయలేదు. పైగా తెలివి చూపించాడు. చిన్న గిన్నెలో నీళ్లు గడ్డకట్టించి, పైన అయిదు రూపాయల బిళ్ల పెట్టిపోయాడు. వచ్చేసరికి బిళ్ల పైనే ఉంటే సరే, గడ్డ అడుక్కు పోయుంటే మధ్యలో కరెంటు చాలాసేపు పోయి, మంచు కరిగి మళ్లీ గడ్డకట్టిందని గుర్తు. ఉపాయం మంచిదే. అయితే ఉరుముల రాత్రి మెయిన్ స్విచ్చే పడిపోయింది, లేపడానికి ఇంట్లో ఎవరూ లేరు. ఫ్రీజర్లో కిలో మటన్ ఉంది. తాళం తీయకముందే సంగతి తెలిసిపోయింది, బిళ్లను అడగాల్సిన పని పడలేదు. నెత్తురు నీళ్లు గోడ అతుకుల్లోంచి లోపలి నురగ పొరలోకి దిగాయి. అక్కడికి గుడ్డ పోదు, సోడా పోదు. బొగ్గులు పెట్టారు, కాఫీపొడి పెట్టారు, చివరికి పాతసామాన్లవాడికి ఇచ్చారు. వాడు కూడా ముక్కు మూసుకుని బేరమాడాడట.

“2016 అక్టోబర్‌ల మూడు ఊర్లు జిల్లాలైనయి. ఫ్రిజ్ బంద్ జేసుడు మా వనపర్తి జిల్లాకే వచ్చింది” అంటాడు సారు.

ఆయన ఫ్రిజ్‌ను గోడ నుంచి ముందుకు జరిపి వెనకాల కూడా చూస్తాడు. కరిగిన నీళ్లు చిన్న గొట్టంలోంచి దిగి, కంప్రెసర్ మీది ట్రేలో పడతాయి. ఫ్రిజ్ నడుస్తుంటే ఆ వేడికి ఆవిరైపోతాయి. ఆపేశాక ఆ వేడి ఎక్కడిది? నీళ్లు అలాగే నిలిచి జిగురు కడతాయి, దోమలు గుడ్లు పెడతాయి. లోపల ఎంత కడిగినా వాసన పోవడం లేదని ఏడ్చే ఇళ్లలో చాలావరకు దొంగ ఈ ట్రేలోనే దొరుకుతాడు. సారు దాన్ని స్పాంజితో పీల్చి, తుడిచి, ఆరబెడతాడు.

చివరి ఘట్టం తువ్వాలుది. మందంగా చుట్టి, నాలుగువేళ్ల సందు ఉండేట్టు తలుపు మధ్యన పెట్టి, గాలికి మూసుకోకుండా పిడికి కట్టేస్తాడు. లోపలి ఫ్రీజర్ రెక్క కూడా తెరిచే ఉండాలి. బల్లులు కాపురం పెట్టకుండా సందుకు పాత దోమతెర గుడ్డ. ఒక గిన్నెలో వంటసోడా పెడతాడు గానీ, తడి ఆరకుండా అది పెట్టడం దండగని తానే చెబుతాడు. వీధి పిల్లలు లోపలికి వచ్చే ఇల్లయితే ఫ్రిజ్ అలా తెరిచి ఉంచకూడదు. ఆటలో దూరి తలుపు వేసుకుంటే ఊపిరాడదు. సారు వంటింటికి కూడా తాళం వేయడం అందుకే.

అలా వంటింటికి, వాకిలికి, గేటుకు మూడు తాళాలు వేసి కారెక్కుతుంటే, సామాను ఎత్తడానికొచ్చిన కుర్రాడు పరుగున వచ్చాడు. “సారూ, మీరు మర్సిపోయిన్రు. ఫ్రిజ్ తలుపు తెరిచుంటె నేనే ఏసిన!”

కారు దిగాడు. మూడు తాళాలూ తీశాడు. వెనక సీట్లోంచి అక్క డ్రైవర్‌తో, “నాయనా, ఏసీ బంద్ చెయ్. ఇగ ఆయన తెల్లగుడ్డ మళ్ల తీస్తడు. శంషాబాద్‌కు యాళ్లకు పోయినట్టే” అంది.