ఎగ్గొట్టేవాడి వాటా నా బిల్లులో

ఒక వరుసలో నగదు రేటు, పక్క వరుసలో ఖాతా రేటు. కింద ఎర్ర అక్షరాల్లో ‘మొండి బాకీలు పెరిగినందున రైతు సోదరులు సహకరించగలరు’ అని ఒక విన్నపం. ఈ సీజనుకి మా గుంటూరు వైపు మందుల కొట్లలో ఈ కాగితం అంటించని గోడ కనబడలేదు నాకు. సహకరించమన్నారు కదా, తప్పుతుందా? ఊళ్లో ఎవడో బాకీ ఎగ్గొట్టి హైదరాబాదులో వాచ్‌మన్ పనిలో చేరాడట. వాడి బాకీ తీర్చే భాగ్యం మా తమ్ముడికి దక్కింది. వాడెవడో మా తమ్ముడికి తెలియదు, కనీసం ముఖం కూడా చూడలేదు. కానీ తామర పురుగు మందు సీసా కొన్నప్పుడల్లా వాడి పేరున ఇంత సమర్పించుకుంటున్నాడు.

కొట్టు యజమానిని అడిగితే ఎంతో ఓపిగ్గా చెప్పాడు. “చూడండి బాబాయ్, వందమందికి అరువిస్తే అందరూ కడతారా? కట్టనివాళ్లది ఎక్కడో చోట రాబట్టుకోవాలిగా. కట్టేవాళ్ల మీదే వేస్తాం. కట్టనివాళ్ల మీద వేసి ఏం లాభం, వాళ్లెటూ కట్టరు!” ఇంత నిక్కచ్చిగా మాట్లాడే మనిషిని నేను ఈమధ్య చూడలేదు.

సరే, అరువుకి ఖర్చు లేదని నేననను. సరుకు జులైలో ఇచ్చి డబ్బు మార్చిలో చూసుకునేవాడికి ఆ ఎనిమిది నెలల వడ్డీ పడుతుంది. కొన్ని బాకీలు మునుగుతాయి కూడా. అది ధరలో కలపడం పాపమేమీ కాదు. ఎంత కలపాలన్నదే ప్రశ్న. ఆ ప్రశ్న వేసినవాడికి మాత్రం మర్నాటి నుంచి ఖాతా ఉండదు.

లెక్క వేద్దాం. ఒక కొట్టుకి వందమంది ఖాతాదారులు. ఒక్కొక్కరు నగదు రేటు ప్రకారం 10,000 రూపాయల మందులు తీసుకెళ్లారు. ఆ సరుకు కొట్టుకి 8,500కి పడిందనుకుందాం. వందలో అయిదుగురు పైసా కట్టకుండా మాయమయ్యారు. అప్పుడు కొట్టుకి పోయిందెంత? చెప్పుకునేది తలా 10,000 అనే చెప్పుకుంటారు. నిజానికి జేబులోంచి పోయింది సరుకు ఖరీదు 8,500 మాత్రమే, అంటే అయిదుగురివీ కలిపి 42,500. మిగతా 95 మంది మీద పంచితే మనిషికి సుమారు 447 రూపాయలు. ఇక ఆలస్యం సంగతి. బ్యాంకులో ఏడాదికి నూటికి 12 చొప్పున తెచ్చాడనుకుంటే, 8,500 మీద ఎనిమిది నెలలకి 680. రెండూ కలిపితే 1,127. కట్టే రైతు 11,127 ఇస్తే కొట్టువాడికి మామూలు లాభం మామూలుగానే మిగులుతుంది, ఎగ్గొట్టినవాడి బాకీ కూడా చెల్లిపోతుంది.

మరి గోడ మీద ఖాతా రేటు ఎంత? అదే సరుకుకి 12,000. పోనీ, 1,127 కావలసిన చోట 2,000 వేసుకున్నాడు, గుండె ధైర్యానికి కొంచెం ఎక్కువ పెట్టుకున్నాడులే అనుకుందాం. కథ అక్కడ ఆగదు. ఆ 12,000 మీద బిల్లు తేదీ నుంచి నూటికి నెలకి రెండు రూపాయల వడ్డీ. ఎనిమిది నెలలకి 1,920. ఆలస్యానికి ఒకసారి ధరలో కట్టాం, మళ్లీ వడ్డీలో కట్టాం. ధరలో కలిపిన ఆలస్యం మీద కూడా ఆలస్యానికి వడ్డీ కట్టాం! మొత్తం 13,920. పదివేల సరుకు మీద 3,920 అదనం. ఏడాదికి లెక్కగడితే నూటికి 58 దాటుతుంది.

ఇందులో చట్టం తప్పలేదట. ఎలా తప్పుతుంది? సీసా మీద అచ్చువేసిన గరిష్ఠ ధర ఆకాశంలో ఉంటుంది. నగదు రైతుకి దానిమీద సగందాకా తగ్గించి ‘మనవాడివి కాబట్టి’ అంటారు. ఖాతా రైతుకి ఆ తగ్గింపులో కొంత కోస్తే చాలు. యూరియా దగ్గర ఈ ఆట కుదరదు, 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలని ప్రభుత్వమే కట్టేసింది కదా. అందుకని యూరియా కావాలంటే పక్కన ఏదో టానిక్ సీసా అంటగడతారు. దాని గురించి రాస్తే ఇంకో వారం పడుతుంది, వదిలేద్దాం.

నాకు అస్సలు మింగుడు పడనిది వేరే ఉంది. బాకీ మునుగుతుందన్న భయానికి కదా ఈ వసూలు? ఆ భయం ఎక్కడుంది చూపించమంటాను.

మా ఊరికి మందులిచ్చే కొట్టు యజమాని అన్నగారికే మిర్చి యార్డులో కమీషన్ షాపు ఉంది. అరువు ఇచ్చేటప్పుడే షరతు: కాయ అక్కడికే తోలాలి. మా తమ్ముడు టిక్కీలు లారీకెత్తి పంపుతాడు. కాటా అవుతుంది, రేటు తెగుతుంది, పట్టీ రాస్తారు. పట్టీలో కమీషను, హమాలీ పోయాక ‘మందుల ఖాతా’ అని ఒక పద్దు. అసలు, వడ్డీ రెండూ అక్కడే మినహాయించుకుని మిగిలింది చేతిలో పెడతారు. డబ్బు రైతు చేతికి రాకముందే బాకీ తీరిపోతోంది. రైతు ఎగ్గొట్టాలని కంకణం కట్టుకున్నా ఎగ్గొట్టడానికి అతని దగ్గర అప్పటికి ఏమీ ఉండదు.

పంటే చేతిలో ఉన్నవాడికి ఇంకా భయమేమిటని మీరడగవచ్చు. అందుకే సంతకం చేసిన ఖాళీ ప్రామిసరీ నోటు కూడా తీసుకుంటారు. నోటుకి మూడేళ్లే చెల్లుబాటు కాబట్టి, ఆలోపు వడ్డీని అసల్లో కలిపి కొత్త నోటు తిరగరాయిస్తారు. అది చాలక, బ్యాంకు ఖాతా ఉన్నవాడి దగ్గర అంకె వేయని చెక్కు. చెక్కు తిరిగొస్తే కేసు పెట్టి జైలుదాకా లాగవచ్చునని అందరికీ తెలుసు. పంట ఒక తాకట్టు, నోటు ఒకటి, చెక్కు ఒకటి. ఇన్ని తాళాలు వేసుకున్న ఇంటికి మళ్లీ దొంగల భయం పేరున పక్కింటివాడి దగ్గర చందా వసూలు చేస్తున్నారు.

నిజంగా బాకీ మునిగేదెవరి దగ్గర? పంట యార్డుదాకా రానివాడి దగ్గర. 2021లో నల్ల తామర పురుగు పడి పూత పూతంతా రాలి, చేలకు చేలు పీకేసిన ఏడు చూశాం. ఆ ఏడు బాకీలు మునిగాయి, కాదనను. ఆ భయానికి ధరలో ఎంతో కొంత కలపడం న్యాయమే. కానీ కాయ బాగా పండి రేటు పలికిన ఏడు కూడా అదే రేటు, అదే ఎర్ర అక్షరాలు ఎందుకుండాలి? భయం పెరిగితే ధర పెరుగుతుంది. తగ్గితే మాత్రం ధర దిగదు. ఒక్కసారి గోడెక్కిన రేటు దిగడం నేను చూడలేదు.

ఇంకొక తమాషా. డిసెంబరులో మా తమ్ముడికి గేదె అమ్మిన డబ్బు వచ్చింది, ముందే కట్టేస్తానని వెళ్లాడు. వడ్డీ అయిదు నెలలకే తీసుకుంటామన్నారు. ఖాతా రేటులోని ఆలస్యం సొమ్ము? అది తగ్గదట. అది సరుకు రేటు, రేటు రేటే. అంటే రెండు నెలల్లో కట్టినా, పది నెలలకి కట్టినా ఆ రెండువేలు చచ్చినట్టు ఇవ్వాల్సిందే. ఇక ముందే కట్టాలని ఎవడికి బుద్ధి పుడుతుంది? ఆలస్యానికి డబ్బు ముందే తీసుకున్నారు కనుక ఆలస్యం చేయడమే లాభం. ఆ తరువాత “మనోళ్లు టైముకి కట్టరండీ” అని వీళ్లే వాపోతారు.

ఇలా ఉంటే ఏమవుతుందో తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. కాస్త చేతిలో ఉన్నవాడు, బంగారం బ్యాంకులో పెట్టి తెచ్చుకోగలిగినవాడు నగదు వరుసకి జరిగిపోతాడు. ఖాతాలో మిగిలేది అతి బీదవాళ్లు. వాళ్లలో మునిగేవాళ్ల పాళ్లు సహజంగానే ఎక్కువ. దాంతో వచ్చే ఏడు ఖాతా రేటు మళ్లీ పెంచాలి. పెంచితే ఇంకొందరు మంచివాళ్లు జారుకుంటారు. మొండి బాకీలు పెరిగినందున అని రాశారే, వాటిని పెంచిందే ఆ కాగితం.

ఇంతవరకూ నవ్వుతూనే రాశాను. ఇక నవ్వు రావడం లేదు. ఖాతా వరుసలో నిలబడేది ఎవరో నాకు తెలుసు. సొంత పొలం ఉన్నవాడికి కిసాన్ క్రెడిట్ కార్డు మీద మూడు లక్షలదాకా ఏడు శాతానికి అప్పు పుడుతుంది, గడువులో కడితే నాలుగు శాతమే. కౌలు రైతుకి ఆ కార్డు కావాలంటే కౌలు రుజువు చూపాలి. 2019లో చట్టం తెచ్చి కౌలు కార్డులు ఇస్తామన్నారు, దానికి భూయజమాని సంతకం కావాలన్నారు. సంతకం పెడితే పొలం పోతుందని భయపడే యజమాని ఎందుకు పెడతాడు? కౌలు ముందే కట్టి, కార్డు లేక, పురుగు కనబడ్డ సాయంత్రమే మందు కొట్టాల్సినవాడికి గోడ మీద రెండో వరుస తప్ప దారి లేదు. నాలుగు శాతానికి ఒకడు, యాభై ఎనిమిది శాతానికి ఒకడు, ఒకే చేలగట్టుకి అటూ ఇటూ. బీదవాడికే ఎక్కువ ధర, పైగా వాడే దొంగ అన్న నింద. ఇదేం వ్యాపారం? సిగ్గు అనేది ఏమైనా ఉందా?

అరువు మానేయమని నేననడం లేదు. నగదు రేటుకే ఇచ్చి, వడ్డీ ఒక్కటే వేసి, కట్టిన రోజు వరకే లెక్కగట్టి, ఆ మూడంకెలూ బిల్లు మీద విడివిడిగా రాసిమ్మంటున్నాను. బిల్లు మీద నగదో అరువో రాయాలని ఎరువుల విషయంలో నియమం ఎటూ ఉంది. పురుగుమందు బిల్లు మీద కూడా రాయడానికి చెయ్యి ఎందుకు వణుకుతుంది? రైతు కూడా సరుకెత్తుకునే ముందు ‘ఇప్పుడే డబ్బిస్తే ఎంత?’ అని ఒక్క మాట అడిగి, ఆ అంకె బిల్లు వెనక రాసి పెట్టుకోవాలి. ఆ తేడాని నెలలతో భాగించి చూస్తే తన నెత్తిన ఉన్నది వడ్డీయో, ఊళ్లో ఎవడో కట్టని బాకీయో తెలుస్తుంది.

ఒక్క విషయం మాత్రం యజమానిని అడగకుండా ఉండలేకపోయాను. ఆ పారిపోయాడన్న వాచ్‌మన్ మొన్న సంక్రాంతికి ఊరొచ్చి, పెద్దమనుషుల్లో పెట్టి, పొలం తనఖా రాసి మొత్తం కట్టాడట. వడ్డీతో సహా. “మరి వాడి పేరు చెప్పి మా దగ్గర తీసుకున్నది?” అన్నాను.

“అది పాత సీజను లెక్క బాబాయ్, మూసేశాం” అన్నాడు.