బొమ్మలో మిర్చి పట్టీ

వినుకొండ రైతుకు మిర్చి డబ్బులు ఆలస్యమైనా, వాట్సాప్‌లో పట్టీ మాత్రం ఠంచనుగా వస్తుంది. వచ్చేది ఎక్సెల్ ఫైలు కాదు, దాని స్క్రీన్‌షాట్. "ఫైలే పంపొచ్చుగా గుమాస్తా గారూ?" అంటే, "పంపితే మీరు మార్చేస్తారు కదండీ!" అంటారాయన. నిజమే, బొమ్మను ఎవరూ మార్చలేరు. అందులోని తప్పును కూడా.

ఇక ఆ బొమ్మను మళ్లీ ఎక్సెల్ చేసే భారం బీటెక్ చదివిన కొడుకు మీద పడుతుంది. Data మెనూలో From Picture నొక్కితే పట్టిక దిగుతుంది. ఎక్సెల్ తనకు అనుమానమున్న గడులకు రంగు పూసి చూసుకోమంటుంది. ధీమాగా తప్పు చదివిన గడికి మాత్రం రంగుండదు. అచ్చం ఆఫీసు మర్యాదే. దిగినవన్నీ ఉత్త అంకెలు, ఫార్ములా ఒక్కటీ రాదు.

ఒక వరుసలో తూకం 17.85 క్వింటాళ్లు, ధర 18,500, సొమ్ము 2,40,975 అని పడింది. కుర్రాడు పక్క గడిలో ఇది కొట్టాడు:

```
=C2*D2-E2
```

89,250 తేడా! సొమ్ము గడి దిద్దేసి కొట్టు మీదికి గొడవకు బయల్దేరబోయాడు. తండ్రి ఆపి, తేడాను తూకంతో భాగించమన్నాడు. సరిగ్గా 5,000 వచ్చింది. అంటే ధరలో 3ని 8గా చదివింది. ధర 13,500 చేయగానే తేడా సున్నా. సొమ్మును ముందే దిద్దేసి ఉంటే తప్పును పట్టించే సాక్షే పోయేది.

ఇంకో వరుసలో తూకం 21.36, ధర 12,500, సొమ్ము 2,67,050. గుణిస్తే యాభై రూపాయలు తక్కువ. ఇక్కడ తప్పు ఎవరిదీ కాదు. అసలు తూకం 21.364, తెర మీద రెండు దశాంశాలే చూపారు. ఆ నాలుగు వందల గ్రాములు బొమ్మలోకి ఎక్కలేదు. కాబట్టి ఇక్కడ సొమ్మును మళ్లీ లెక్కగడితే రైతే తన యాభై పోగొట్టుకుంటాడు.

తూచింది, పాడింది, చేతికిచ్చింది జరిగిన సంగతులు. వాటిని బొమ్మతో పోల్చి సరిచూడాలే తప్ప లెక్కగట్టకూడదు. కమిషన్, అడుగున మొత్తం, సగటు ధర మాత్రం మళ్లీ కట్టాలి. అదీ పాతదాన్ని చెరపకుండా పక్క గడిలో. సగటంటే ధరల సగటు కాదు, మొత్తం సొమ్మును మొత్తం తూకంతో భాగించాలి. గడిలో ఎడమకు ఒదిగిన అంకె కనిపిస్తే అది అక్షరంగా దిగిందేమో చూడాలి. అలాంటిదాన్ని SUM చప్పుడు చేయకుండా వదిలేస్తుంది.

ఇంత చేసినా మొత్తం కలవకపోతే బొమ్మ ఎడమ అంచున వరుసల నంబర్లు చూడండి. 6 తర్వాత 9 ఉందా? 7, 8 దాచారు, SUM మాత్రం వాటినీ కలిపింది. అక్కడ ఏ ఫార్ములా పనికిరాదు. కాటా చీటీలు అడగాల్సిందే. కాగితం మీదే ఇమ్మనండి. ఫోటో తీసి పంపుతామంటారు, ఒప్పుకోకండి.