ముంబై కాగితం, మియాపూర్ తాళం

హైదరాబాద్ ఓనర్లకు ఈ మధ్య ఒక దివ్యౌషధం దొరికింది. టు-లెట్ బోర్డు మీది నంబరుకు ఫోన్ చేస్తే బ్రోకరు పలుకుతాడు, బ్రోకరు దగ్గర ఒక వర్డ్ ఫైలు ఉంటుంది. ఫైలు పేరు లీవ్ అండ్ లైసెన్స్ అగ్రిమెంట్. అందులో ఇంట్లో దిగేవాడు కిరాయిదారు కాడు, లైసెన్సీ. నెలనెలా ఇచ్చేది కిరాయి కాదు, లైసెన్స్ ఫీజు. “ఇది లీజు కాదు సార్, రేపు పొమ్మంటే పోవాల్సిందే. నోటీసుల్లేవు, కోర్టుల్లేవు” అని బ్రోకరు అభయమిస్తాడు. ఓనరు పొంగిపోతాడు. ఎక్కడినుంచో దించుకున్న కాగితం కాబట్టి ఒక్కోసారి అందులో మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టం ప్రస్తావన కూడా చెక్కుచెదరకుండా ఉంటుంది. మియాపూర్ ఫ్లాటుకు మహారాష్ట్ర చట్టమేమిటని ఎవరూ అడగరు. నోటరీ ముద్ర పడింది కదా!

ఈ తెలివి కొత్తదేం కాదు. ఢిల్లీ ఇంపీరియల్ హోటల్ వాళ్లు 1949లోనే ప్రయోగించారు. హోటల్లోని రెండు క్లోక్‌రూములను క్షౌరశాల నడిపే ఒకాయనకు ఇచ్చి, కాగితం నిండా లైసెన్స్ అనే రాసుకున్నారు. తగవు సుప్రీంకోర్టుకు చేరింది. 1959లో ఆ కేసులో తీర్పు రాసినవారిలో మన రాజమండ్రి మనిషి, తర్వాత భారత ప్రధాన న్యాయమూర్తి అయిన కోకా సుబ్బారావు గారున్నారు. పేరేం పెట్టుకున్నారన్నది కాదు, ఇచ్చిందేమిటన్నది చూడాలన్నారాయన. స్థలంలో హక్కు ఇచ్చారా, లేక స్వాధీనం మొత్తం తమ దగ్గరే ఉంచుకుని వాడుకునే అనుమతి మాత్రమే ఇచ్చారా? ఇతరులెవరూ చొరబడకుండా ఆ స్థలం పూర్తిగా అతని చేతిలోనే ఉంటే, చూడగానే అది లీజు లక్షణం. కాదనాలంటే వేరే పరిస్థితులు కనబడాలి. ఆ క్షౌరశాల లైసెన్స్ కాదు, లీజేనని మెజారిటీ తేల్చింది. అరవయ్యేళ్లు దాటినా మన బ్రోకరుకు ఈ కబురు ఇంకా అందలేదు.

ఇప్పుడు మియాపూర్ ఫ్లాటునే చూద్దాం. కిరాయి నెలకు 22 వేలు అనుకోండి, గడువు పదకొండు నెలలు. తాళంచెవి దిగినవాడి చేతికిచ్చేశారు. కరెంటు బిల్లు అతనే కడతాడు, తలుపు అతనే వేసుకుంటాడు. ఓనరు రావాలంటే ముందు ఫోన్ చేసి, బెల్లు కొట్టి, “ఉన్నారా అండీ” అనాలి. అదే పీజీ హాస్టల్లో మంచం తీసుకున్న కుర్రాడి సంగతి వేరు. గది ఊడ్చేది వాళ్ల మనిషి, ఇంకో చెవి వార్డెన్ దగ్గర, పక్క మంచంలోకి ఎవరొస్తారో యాజమాన్యం ఇష్టం. అది లైసెన్స్. పని మానేసేదాకా ఉండమని వాచ్‌మన్‌కిచ్చిన గది కూడా సాధారణంగా అంతే. మియాపూర్ ఫ్లాటును దీంతో ఒకే గాటన కట్టాలంటే చట్టం కాదు, గారడీ తెలియాలి.

తేడా కాగితం మీది ముచ్చటే అయితే ఇంత రాద్ధాంతం అక్కర్లేదు. నిజమైన లైసెన్స్‌కు 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం వర్తిస్తుంది. ఇచ్చినవాడు మామూలుగా ఎప్పుడైనా దాన్ని రద్దు చేసుకోవచ్చు. సామాను సర్దుకుని వెళ్లడానికి మాత్రం సమంజసమైన గడువివ్వాలి. ఇల్లు అమ్ముడుపోతే కొన్నవాడు ఆ లైసెన్స్‌కు కట్టుబడక్కర్లేదు. లైసెన్సీ పోనంటే, ఆలస్యం చేయకుండా ఖాళీ చేయమని ఆదేశం కోరుతూ దావా వేయొచ్చు. లీజుకు అదే ఏడాది వచ్చిన ఆస్తి బదిలీ చట్టం వర్తిస్తుంది. ఇల్లు చేతులు మారినా లీజు చావదు, కొత్త ఓనరు పాత ఓనరు స్థానంలోకి వస్తాడు. నెలనెలా సాగే నివాసపు లీజును ముగించాలంటే పదిహేను రోజుల నోటీసివ్వాలి, ఆపైన ఖాళీ చేయించమని సివిల్ కోర్టులో దావా వేయాలి.

గడువు రాసుకున్న లీజైతే ఆ గడువుతోనే ముగుస్తుంది, నోటీసు కూడా అక్కర్లేదు. ఓనరుకు ఇంతకన్నా ఏం కావాలి? కానీ పన్నెండో నెల ఒకటో తారీఖున కిరాయిదారు ఫోన్‌పేలో 22 వేలు వేస్తాడు, ఓనరు ఓ బొటనవేలు బొమ్మ పంపిస్తాడు. గడువు దాటాక కిరాయి పుచ్చుకుని ఉండనిస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు, లీజు నెలవారీగా కొనసాగినట్టే లెక్క. ఇక పదిహేను రోజుల నోటీసు మళ్లీ తప్పదు.

పదకొండు నెలల మహిమ కూడా వినండి. ఏడాదికి మించని లీజుకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్న కేంద్ర చట్టంలోని వెసులుబాటు నుంచి పుట్టిన ఆచారం అది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1999లో రిజిస్ట్రేషన్ చట్టాన్ని సవరించి, రాసుకున్న లీజు ఏదైనా, ఎన్ని నెలలదైనా రిజిస్టర్ చేయాల్సిందేనంది. ఆధారం పోయింది, ఆచారం మిగిలింది. బాబాయి పోయాక కూడా ఆయన పేరునే శుభలేఖలు వేయించే ఇల్లులా ఉంది వ్యవహారం.

మరి ముంబైలో ఈ కాగితం నిజంగా పనిచేస్తుంది కదా? చేస్తుంది. ఎందుకంటే అక్కడ దాని వెనక చట్టం ఉంది. 1947 నాటి బొంబాయి అద్దె చట్టం కిరాయిలను కదలనివ్వకపోతే, దాన్ని తప్పించుకోడానికి ఓనర్లు లైసెన్స్ దారి పట్టారు. ప్రభుత్వం 1973లో సవరణ తెచ్చి, ఆ ఫిబ్రవరి 1 నాటికి అమల్లో ఉన్న లైసెన్స్ మీద ఇళ్లలో ఉన్నవాళ్లను ఒక్క దెబ్బతో కిరాయిదారులను చేసేసింది. తర్వాత 1999 నాటి మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టం ఇంకో మలుపు తిప్పింది. నివాసానికి లైసెన్స్ మీద ఇచ్చిన ఇల్లు గడువు ముగిశాక ఖాళీ చేయకపోతే, ఓనరు సివిల్ కోర్టుకు కాక అధీకృత అధికారి దగ్గరికి వెళ్లొచ్చు. రాతలో ఉన్న లైసెన్స్ ఒప్పందమే అక్కడ తిరుగులేని సాక్ష్యం. మొండికేసినవాడు లైసెన్స్ ఫీజుకు రెట్టింపు నష్టపరిహారం కట్టాలి. ప్రతిఫలంగా చట్టం ఓనరు మెడకూ ఒక గంట కట్టింది: ఒప్పందం రిజిస్టర్ చేయించే బాధ్యత అతనిదే, చేయించకపోతే షరతులపై కిరాయిదారు మాటే చెల్లుతుంది, పైగా శిక్ష.

మనవాళ్లు ఆ అధికారిని తెచ్చుకోలేదు, రిజిస్ట్రేషన్ తెచ్చుకోలేదు, శీర్షిక ఒక్కటే తెచ్చుకున్నారు. దేనికి భయపడి తెచ్చుకున్నారో అదింకా విడ్డూరం. లీజంటే ఇక్కడి అద్దె నియంత్రణ చట్టం మీద పడుతుందని, రెంట్ కంట్రోలర్ దగ్గర ఏళ్లూ పూళ్లూ తిరగాలని బెంగ. ఆ 1960 నాటి చట్టం, 2005 సవరణ తర్వాత, నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 దాటిన కిరాయి ఇళ్లకు వర్తించదు. హైదరాబాద్‌లో ఇప్పుడు 3,500కి ఫ్లాటు చూపించే బ్రోకరుంటే సన్మానం చేయాలి. అంటే మన 22 వేల ఓనరు, తన వైపు రాని చట్టం నుంచి తప్పించుకోడానికి తన ఊళ్లో చెల్లని కాగితం రాయించుకుని, దానికి కమిషన్ కూడా ఇచ్చాడు.

సరే, ఆ కాగితాన్ని నమ్మి ఓ రోజు కిరాయిదారు ఊరెళ్లినప్పుడు తాళం మార్చేశాడనుకోండి. నిర్దిష్ట ఉపశమన చట్టం, 1963 ఆరో సెక్షన్ కింద, చట్టం తెలిపిన దారిలో కాకుండా బయటికి నెట్టబడ్డవాడు ఆరు నెలల్లోపు దావా వేసి స్వాధీనం తిరిగి పొందొచ్చు. ఆ దావాలో ఇల్లు ఎవరిదన్నది అడ్డు రాదు. ఓనరు సేల్‌డీడ్ పట్టుకుని బోనులో నిలబడితే, లాయరు దాన్ని మడిచి ఫైల్లో పెట్టుకుని, ఆ రోజు తాళం ఎవరు మార్చారో చెప్పమంటాడు.