ఒక్క ముహూర్తం, మూడు మండపాలు

ఒంటరిగా పనిచేసే పెళ్లి ఫొటోగ్రాఫర్ 'టీమ్'గా ఎదగడానికి తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతంలో కావలసినవి రెండే: గట్టి ముహూర్తం ఒకటి, అదే రాత్రికి అడ్వాన్సు తీసుకున్న పెళ్లిళ్లు మూడు. మూఢం వెళ్లగానే పెళ్లిళ్లన్నీ కొద్ది రాత్రుల మీదే వచ్చి పడతాయి. తెనాలి మండపంలో ఫొటోగ్రాఫర్ ఉంటాడు. బాపట్ల, రేపల్లె మండపాల్లో ఆయన పేరుంటుంది.

ఈ పద్ధతిలో టీమ్ అంటే వాట్సాప్ గ్రూపు. "ఆ రోజు రేపల్లెలో ఎవరు ఖాళీ?" అని అడగడమే ఇంటర్వ్యూ. "నేనన్నా" అని ముందుగా జవాబిచ్చినవాడు ఆ క్షణం నుంచి సీనియర్ క్యాండిడ్ ఫొటోగ్రాఫర్. నిన్నటి వరకు అతను ఏం తీశాడో అడగడం మర్యాద కాదు.

డబ్బు పంపకం ఇంకా ముచ్చటైనది. పెళ్లివారు లక్ష రూపాయలకు మాట్లాడుకున్నారనుకుందాం. పేరున్నాయన తన పేరుకు 40,000 ఉంచుకుని మిగతా 60,000కు బాపట్లలో ఒకరికి పని అప్పగిస్తాడు. ఆయన తన ఫోనుకు 20,000 ఉంచుకుని ఇద్దరు కుర్రాళ్లను పంపుతాడు. ఆల్బమ్‌కు 20,000 పోతే ఫొటో, వీడియో, డ్రోన్ అన్నింటికీ మిగిలేది 20,000. పెళ్లివారు లక్ష ఇచ్చి 40,000 పెళ్లి తీయించుకుంటారు. తక్కిన 60,000 ఇద్దరు మనుషులు ఫోన్లో మాట్లాడినందుకు.

మధ్యవర్తికి లాభం ఉండకూడదని కాదు. బేరం కుదిర్చిందీ, రేపు మాట పడేదీ ఆయనే. అదే లక్షలో తీసేవాళ్లకు 45,000, ఆల్బమ్‌కూ ఎడిటింగుకూ 30,000, ప్రయాణానికీ భోజనాలకూ 3,000 పోయి, ఏదైనా చెడితే సరిచేయడానికి 5,000 పక్కన పెడితే, ఆయనకు 17,000 మిగులుతుంది. మూడు పెళ్లిళ్లకు 51,000. ఆ పక్కన పెట్టే సొమ్ము కుర్రాళ్ల కూలిలోంచి కోయకూడదు. వాళ్ల డబ్బు ఆ రాత్రే చేతిలో పెట్టాలి. పెళ్లివారి బాకీ చాలాసార్లు ఆల్బమ్ అందాకే వస్తుంది. అంతదాకా పెట్టుబడి ఆయనదే కావాలి. వాడుకలో మాత్రం "పార్టీ ఇంకా ఇవ్వలేదు తమ్ముడూ" అంటూ తమ్ముడి చేతే పెట్టుబడి పెట్టిస్తారు. ఆ తమ్ముడు తర్వాతి ముహూర్తానికి ఫోనెత్తడు. దాన్ని 'ఈకాలం కుర్రాళ్లకు నిబద్ధత లేదు' అంటారు.

నాణ్యత సంగతి తెల్లవారాక తెలుస్తుంది. జీలకర్ర-బెల్లం సరిగ్గా ముహూర్తానికి పెడతారు. రెండోసారి పెట్టమంటే పంతులుగారు ఒప్పుకోరు. ఒక కెమెరా గడియారం బాగా వెనకబడి ఉంటే కంప్యూటర్లో ఫొటోలు కలిపినప్పుడు తాళి ముందు, జీలకర్ర-బెల్లం తర్వాత వస్తాయి. ఎల్‌ఈడీ దీపాల కింద షట్టర్ వేగం కుదరకపోతే ముఖాల మీద అడ్డచారలు పడతాయి. పందిట్లో చిన్న తెర మీద ఇవేవీ కనబడవు. అందుకే పని మొదలవకముందే కెమెరాలన్నీ ఒకచోట పెట్టి గడియారాలు కలపాలి, మండపం దీపాల కింద రెండు ఫొటోలు తీసి పెద్దవి చేసి చూడాలి. రెండు కార్డులు పట్టే కెమెరా అయితే రెండింటిలోనూ పడేలా పెట్టాలి. పెళ్లి అవగానే ఆ కార్డులు కుర్రాడి జేబులోకి కాక బాధ్యుడి చేతికి రావాలి. రెండు డిస్కుల్లో కాపీ అయ్యేదాకా కార్డు చెరపకూడదు. కొత్తవాడికి మొదట అన్నప్రాశనో ఓణీల వేడుకో అప్పగించాలి. ముహూర్తం నాడు అతన్ని పరీక్షించడమంటే పెళ్లివారి ఖర్చుతో పరీక్షించడమే.

ఇక సూర్యలంక సముద్రం ఒడ్డున తీసిన ప్రీ-వెడ్డింగ్ ఫొటో, దాన్ని తీసిన కుర్రాడి ఇన్‌స్టాగ్రామ్‌లో కనబడగానే పేరున్నాయన మండిపడతాడు: "నా వర్క్ వాడెలా పెడతాడు?" తీసినవాడూ అదే మాట అంటాడు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు తొలి హక్కుదారు తీయించుకున్నవారే. అంటే వాళ్లిద్దరూ కొట్లాడుకునేది మూడోవారి ఆస్తి కోసం. ఎవరు పెట్టుకోవచ్చో, ఎవరి పేరుతో పెట్టాలో, పెళ్లివారు ఒప్పుకున్నారో లేదో ముందే ఒక కాగితం మీద రాసుకుంటే సరిపోతుంది. కానీ కాగితం రాస్తే నమ్మకం లేనట్టు అనుకుంటారని ఎవరూ రాయరు.

ఒక పెళ్లికి వేల ఫొటోలు వస్తాయి. వాటిని ఒక్కొక్కటిగా చూసి ఏరడానికి ఒక మనిషికి కనీసం ఒక రోజు పడుతుంది. కాబట్టి ఎన్ని కెమెరాలు దొరుకుతాయన్నది లెక్క కాదు, వచ్చినవాటిని ఎంతమంది కూర్చుని చూడగలరన్నదే లెక్క. చూసేవాడు ఒక్కడే ఉండి మూడు మండపాలు ఒప్పుకున్నాయన టీమ్ పెట్టినట్టు కాదు. తన పేరును అద్దెకిచ్చినట్టు.