చదువుకే కొన్న ల్యాప్‌టాప్

మావాడు ఇంజినీరింగులో చేరగానే ల్యాప్‌టాప్ కొందామని ఇద్దరం కొట్టుకెళ్ళాం. నేను సేల్స్ కుర్రాణ్ణి పక్కకి పిలిచి, మావాడికి వినపడకుండా, "బాబూ, ఇందులో గేములు ఆడవు కదా?" అని అడిగాను. మావాడు కూడా అతన్నే పక్కకి పిలిచి, నాకు వినపడకుండా, "అన్నా, ఇందులో గేములు ఆడతాయి కదా?" అని అడిగాడట. ఆ సంగతి నాకు ఆర్నెల్ల తర్వాత తెలిసింది. అతను ఇద్దరికీ ఒకటే జవాబిచ్చాడు. "ఏం ఫర్లేదు!"

ఓ ఆదివారం మావాడి గదిలోంచి నిట్టూర్పులు వినిపిస్తే వెళ్ళి చూశాను. తెరమీద జీటీఏ ఫైవ్. 2015లోనే కంప్యూటర్లకి వచ్చిన పాత గేము. అందులో కారు నడుస్తోందో, నడిచిన కారు ఫొటోలు వరసపెట్టి చూపిస్తున్నారో అర్థం కాలేదు. మూలన 22 అని ఒక అంకె. సెకనుకి అన్ని బొమ్మలే వస్తున్నాయట, కనీసం 30 ఉంటే గాని కంటికి ఆనదట.

న్యాయంగా నేను సంతోషించాలి. గేములు ఆడకూడదనే కదా కొన్నది! కానీ యాభై వేలు పోసిన వస్తువు పదేళ్ళ నాటి గేముని కూడా మోయలేకపోతోందంటే ఎక్కడో చురుక్కుమంది. పైగా మావాడు డివైస్ మేనేజర్ తెరిచి చూపించాడు. అట్టపెట్టె మీద గ్రాఫిక్స్ పేరు Iris Xe అని ఉంది. తెరమీదేమో Intel(R) UHD Graphics అని ఉంది. మోసం! పెట్టె చంకన పెట్టుకుని కొట్లాటకి బయల్దేరాను. దారిలో మా వీధి చివరి రిపేరు షాపతను ఆపాడు గాని, లేకపోతే ఆ రోజు నా పరువు పోయేదే.

"కొట్టువాళ్ళ తప్పేం లేదు సార్," అని అతను టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరిచాడు. కింద ఒక మూల Slots used: 1 of 2 అని ఉంది.

అతను చెప్పింది నాకు అర్థమైనంతలో ఇదీ. గేముల ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్‌కి వేరే చిప్పు, దానికి సొంత మెమరీ ఉంటాయి. మాలాంటి చదువు ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ ప్రాసెసర్‌లోనే ఓ మూల సర్దుకుని, విండోస్ వాడుకునే ర్యామ్‌నే అడిగి తెచ్చుకుంటుంది. సొంత బోరు లేని వాటా లాగన్నమాట, నీళ్ళకి ఇంటివాళ్ళ ట్యాంకే గతి. మాకున్నది ఎనిమిది జీబీల ర్యామ్ ముక్క ఒక్కటే, అంటే ట్యాంకుకి ఉన్నది ఒకటే గొట్టం. జంటగా రెండు ముక్కలుంటే రెండు గొట్టాలూ ఒకేసారి పారతాయి. అలా పారితేనే ఆ గ్రాఫిక్స్ తన్ను తాను Iris Xe అని చెప్పుకుంటుందట. ఒంటరిగా ఉన్నంత కాలం UHD.

అంటే పెళ్ళయితే గాని ఇంటిపేరు మారదు!

అదే రకం, అదే వేగం ఉన్న ఇంకో ఎనిమిది జీబీల ముక్క తెప్పించి బిగించాడు. రెండు వేల చిల్లర అయింది. కొన్ని మోడళ్ళలో ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుందట, వాటికి ఈ యోగం లేదు. ఆన్ చేయగానే పేరు నిజంగానే మారింది. ఇంటికెళ్ళి గేము పెడితే మూలన అంకె 36. కొత్తగా వచ్చే పెద్ద గేములకి ఇది చాలదనీ, గ్రాఫిక్స్ చిప్పుని తర్వాత తెచ్చి బిగించే వీలుండదనీ అతను ముందే చెప్పాడు. ఆ సంగతి మాత్రం మావాడికి బిగ్గరగా వినిపించాను.

పావుగంటలో 36 కాస్తా 21 అయింది. రిపేరు అతనికి ఫోన్ చేశాను. "మొదట్నించీ నత్తలా ఉంటే మెమరీ సార్. బాగా మొదలై మధ్యలో పడిపోతే వేడి. ఎక్కడ పెట్టి ఆడుతున్నాడు?" అన్నాడు. చూద్దును కదా, మంచం మీద, బొంత మీద! అడుగునున్న గాలి కంతలన్నీ బొంతలో కూరుకుపోయాయి. లోపల వేడెక్కితే ప్రాసెసర్ తనంతట తనే వేగం తగ్గించుకుంటుందట. బల్ల మీద పెట్టించాను. నెమ్మదిగా 34కి చేరి అక్కడ నిలబడింది.

"ఏమండీ, అది చదువుకని కదా కొన్నారు?" అంది మా ఆవిడ, నేను అంకె వంకే చూస్తుండగా.

"చదువుకేనమ్మా! ఇంతకుముందు ఆండ్రాయిడ్ స్టూడియోలో ఎమ్యులేటర్ తెరిస్తే బ్రౌజర్ మూసేయాల్సొచ్చేది. ఇప్పుడు రెండూ నడుస్తున్నాయి," అన్నాడు మావాడు. అది నిజం కావడమే నాకు ఇబ్బంది.

సెమిస్టర్ పరీక్షలు దగ్గర పడ్డాక, ఆ రెండో ముక్క తీయించి బీరువాలో పెట్టమంది మా ఆవిడ. నెల్లాళ్ళు పుట్టింటికి పంపినట్టుంటుంది, అయిపోయాక మళ్ళీ తెచ్చుకోవచ్చు అని నేనూ ఒప్పుకున్నాను. ల్యాప్‌టాప్ తిరగేసి, స్క్రూడ్రైవర్ కోసం ఇల్లంతా వెతికాను.

అది మావాడి జేబులో ఉంది.