గణితంలోకి వంకాయలా!

గణితం మడి కాపాడేవాళ్ళు ఇంకా మిగిలి ఉన్నారు కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే మాత్రికల గుణకారం ఈపాటికి కూరగాయల బజారులో పడి పొర్లేది. కొత్త రకం మాస్టార్లు కొందరు బయల్దేరారు. నిర్వచనం చెప్పరు, నియమం చెప్పరు. బోర్డు మీద రెండు పట్టికలు గీస్తారు. ఒకదాంట్లో ఎవరికి ఏది ఎన్ని కిలోలు కావాలో, రెండోదాంట్లో ఏ కొట్లో ఏది ఎంతో రాస్తారు. "బిల్లెంతో చెప్పండ్రా" అంటారు. పిల్లలు చెప్పేస్తారు. అదీ దారుణం! నియమం తెలియకుండానే గుణకారం చేసేస్తే ఇక నియమానికి మర్యాదేం మిగిలింది?

మన సంప్రదాయ పద్ధతి ఎంత నిండుగా ఉంటుందో చూడండి. సారు ఎడమ చూపుడువేలు మొదటి మాత్రిక అడ్డువరుస మీద, కుడి చూపుడువేలు రెండోదాని నిలువువరుస మీద పెడతారు. ఎడమవేలు పక్కకు జరుగుతుంటే కుడివేలు కిందకు దిగుతుంది. "రో ఇంటూ కాలమ్" అని క్లాసంతా వంత పాడుతుంది. ఎవడో ఒకడు లేచి, "కూడేటప్పుడు ఎక్కడిదానికక్కడ కూడాం కదా సార్, గుణించేటప్పుడు ఈ అడ్డం నిలువూ దేనికి?" అంటాడు. "నిర్వచనం అంతే. కూర్చో." ఈ జవాబును ఎవరూ ఖండించలేరు. నిర్వచనం నిజంగానే అంతే.

ఇప్పుడు బజారు బ్యాచి చేసే అల్లరి చూడండి. అమ్మకు టమాటాలు 2 కిలోలు, ఉల్లిపాయలు 3, వంకాయలు 1 కావాలి. పక్కింటి పిన్నికి అదే వరుసలో 1, 2, 2. రైతుబజారులో టమాటా కిలో 20 రూపాయలు, ఉల్లి 30, వంకాయ 40. వీధి చివరి కొట్లో 25, 35, 30. రైతుబజారులో అమ్మ బిల్లు 40, 90, 40 కలిపి 170. కొట్లో అయితే 185. పిన్నికి రైతుబజారులో 160, కొట్లో 155. అమ్మ రైతుబజారుకు, పిన్ని కొట్టుకు వెళ్ళడం మేలని తేలిపోయింది. రెండు అడ్డువరుసలు, రెండు నిలువువరుసల జవాబు తయారైంది, నోటితో ఒక్క సూత్రం పలకకుండా. అడ్డువరుసను నిలువువరుసతో ఎందుకు గుణించాలని ఎవడూ అడగడు. అమ్మ సంచీ అడ్డంగా ఉంది, కొట్టువాడి రేట్లు నిలువుగా ఉన్నాయి, అంతే.

ఆ లేచి అడిగిన కుర్రాడి సందేహానికి కూడా వీళ్ళ దగ్గర మందుంది. వంకాయలు తీసేసి రెండే సరుకులుంచుతారు. అప్పుడు రెండు పట్టికలూ రెండు రెళ్ళు. "నీ ఇష్టప్రకారమే ఎక్కడిదానికక్కడ గుణించరా" అంటారు. మొదటి గడిలో అమ్మ టమాటాలు 2 కిలోలు, టమాటా ధర 20, బాగానే ఉంది. పక్క గడిలో అమ్మ ఉల్లిపాయలు 3 కిలోలు. దాని మీద వచ్చి కూర్చునేది కొట్లో టమాటా ధర, 25. ఉల్లిపాయల తూకానికి టమాటా రేటు కట్టి 75 రూపాయలు! క్లాసు గొల్లున నవ్వుతుంది. గణితం పీరియడ్‌లో నవ్వు వినిపిస్తే ప్రిన్సిపాల్‌గారు ఏమనుకుంటారు?

అసలు ద్రోహం మాత్రం వరుస తారుమారు చేసేచోట జరుగుతుంది. సరుకుల పట్టికను A అనీ ధరల పట్టికను B అనీ అనుకోండి. మన పద్ధతిలో BA కుదురుతుందా అంటే, కొలతలు చూస్తాం: మూడు రెళ్ళు, రెండు మూళ్ళు, లోపలి అంకెలు కలిశాయి, కుదురుతుంది. మార్కు వేస్తాం. బజారు పిల్లలు అంకెలు చూడరు, పేర్లు చూస్తారు. "లోపలున్నది ఒకదాంట్లో కొట్లు, ఇంకోదాంట్లో మనుషులు. రెండూ రెండేసి ఉన్నంత మాత్రాన కలిపేస్తామా?" అని ఎదురు ప్రశ్న. గుణించి చూస్తే మొదటి అడ్డువరుస రెండో గడిలో 110 వస్తుంది. టమాటా ధరలతో ఉల్లిపాయలు కొన్న లెక్క అది, ఎవరికీ పనికిరాదు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఒక అమ్మాయి ఏటవాలుగా ఉన్న మూడు గడులను పట్టుకుంది: 65, 160, 100. అమ్మ రైతుబజారుకు, పిన్ని కొట్టుకు వెళితే ఇద్దరికీ కలిపి టమాటాల ఖర్చు 65, ఉల్లికి 160, వంకాయలకు 100. మొత్తం 325. అటు AB ఏటవాలు గడుల్లో అమ్మ 170, పిన్ని 155, కలిపితే అదే 325. ఒకే ఖర్చును సరుకుల వారీగా కూడినా మనుషుల వారీగా కూడినా ఒకటేగా అంటుంది! AB, BA వేరువేరైనా వాటి ట్రేస్‌లు సమానమనే సిద్ధాంతాన్ని మనం గుర్తు పెట్టుకోమని ఎర్రసిరాతో గీత గీయిస్తాం. ఈ పిల్ల కూరల సంచీలోంచి లాగింది.

"పెద్దవాళ్ళెవరైనా ఇలా చేశారా?" అని నిలదీద్దామంటే అక్కడా మనకు చుక్కెదురే. 1925లో 23 ఏళ్ళ హైజెన్‌బర్గ్‌కు మాత్రికలంటే ఏమిటో తెలియదు. పరమాణువు ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి మారే లెక్కలు పట్టికలుగా పెట్టుకుని, మధ్యలో వచ్చే స్థితులన్నిటి మీదుగా గుణించి కూడాడు. వరుస మారిస్తే జవాబు మారుతోందని కంగారు కూడా పడ్డాడు. ఇది మాత్రికల గుణకారమేనని గుర్తుపట్టింది మాక్స్ బోర్న్. నియమం చదవకుండా గుణకారం చేసినందుకు ఆ కుర్రాణ్ణి క్లాసు బయట నిలబెట్టాల్సింది. నోబెల్ ఇచ్చారు.

ఇంటిదొంగల సంగతీ చెప్పుకోవాలి. ఎన్‌సీఈఆర్‌టీ 12వ తరగతి పుస్తకంలో గుణకారం నిర్వచనానికి ముందే మీరా, నదీమ్ అనే ఇద్దరు దుకాణానికి వెళతారు. మీరాకు 2 పెన్నులు, 5 కథల పుస్తకాలు. నదీమ్‌కు 8 పెన్నులు, 10 పుస్తకాలు. పెన్ను 5 రూపాయలు, పుస్తకం 50. మీరాకు 260, నదీమ్‌కు 540. అదృష్టవశాత్తూ మన కోచింగ్ నోట్సుల్లో ఆ పేజీ ఉండదు. పరీక్షలో రాదు కదా.

అయినా బజారు పద్ధతికి హద్దుంది, అది వాళ్ళు ఒప్పుకోక తప్పదు. వంకాయలు మైనస్ రెండు కిలోలు ఎవరూ కొనరు. బిందువును తలం మీద తిప్పే మాత్రికకు ధరల చీటీ అతకదు. అక్కడికొచ్చేసరికి పట్టిక పక్కన పెట్టి, ఒక పరివర్తన తర్వాత ఇంకోటి చేయడమంటే ఏమిటో చెప్పాలి, నియమం కూడా అప్పుడే రాయాలి. ఈ మాట పట్టుకుని నేను ఆనందంగా ఒక బజారు క్లాసులోకి వెళ్ళి అడిగాను: "మీ లెక్కలో కొసరు ఏదిరా?"

వెనక బెంచీవాడు లేచాడు. "కొసరుంటే ఈ పట్టిక పనిచెయ్యదు సార్. అయిదు కిలోలు దాటితే రేటు తగ్గిస్తానన్నా పనిచెయ్యదు. సరుకు రెట్టింపైతే బిల్లూ రెట్టింపవ్వాలి, అమ్మ సంచీ పిన్ని సంచీ కలిపి తూచినా విడివిడిగా తూచినా ఒకటే రావాలి. అప్పుడే గుణకారం." డిగ్రీలో లీనియర్ ఆల్జీబ్రా మొదటి వారంలో చెప్పాల్సిన మాట అది. ఇంటర్ కుర్రాడు కొసరు బేరంలో చెప్పేశాడు. వాడి మీద ఏ రూలు కింద చర్య తీసుకోవాలో స్టాఫ్‌రూమ్‌లో ఇంకా తేలలేదు.